బ్యాంకు స్టేట్‌మెంటులో వీసా అధికారి చదివేది

బ్రిటన్‌కు విజిటర్ వీసా కోసం దరఖాస్తు చేసే వారి ఖాతాలో కనీసం ఇంత ఉండాలని అక్కడి నిబంధనల్లో ఎక్కడా లేదు. ప్రయాణానికి, అక్కడ ఉండడానికి సరిపడా డబ్బు ఉందా, అది నిజంగా దరఖాస్తుదారు చేతిలో ఉన్నదేనా, పని ముగిశాక ఈ మనిషి తిరిగి వెళ్తాడా అన్నవే ప్రశ్నలు. అందుకే ఒక రోజు నిల్వను మాత్రమే చూపే బ్యాలెన్స్ సర్టిఫికెట్ కంటే, ఆరు నెలల రాకపోకలు కనిపించే స్టేట్‌మెంటుకే విలువ ఎక్కువ.

స్టుడెంట్ వీసాకు లెక్క వేరు. నిర్ణీత మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్క రోజు తగ్గినా దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. విజిటర్ వీసాకు ఆ కొలబద్ద లేకపోవడం తేలికలా అనిపిస్తుంది కానీ, అధికారి అంచనాకు వదిలేసిన వ్యవహారం కాబట్టి ఇదే కష్టం.

ఆ అంచనా మొదలయ్యేది దరఖాస్తు ఫారం దగ్గర. నెల ఆదాయం ఎంత, నెల ఖర్చు ఎంత, ఈ ప్రయాణానికి ఎంత పెడుతున్నారు అని ఫారంలోనే అడుగుతారు. ఆ అంకెలను స్టేట్‌మెంటుతో సరిపోల్చుతారు. జీతం 80 వేలని రాసి, ఖాతాలో నెలనెలా 45 వేలే పడుతుంటే మిగతా కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది.

గుంటూరులో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు భార్యతో కలిసి బర్మింగ్‌హామ్‌లోని కొడుకు దగ్గరికి మూడు వారాలు వెళ్లాలనుకున్నారనుకుందాం. పెన్షన్ నెలకు 38 వేలు, ఇంటి ఖర్చు 25 వేలు. ఖాతాలో ఆరు నెలల క్రితం 2 లక్షల 20 వేలుంటే, నెలకు 13 వేల చొప్పున మిగులుతూ ఇప్పుడు దాదాపు 3 లక్షలైంది. టికెట్లు, చేతి ఖర్చులు కలిపి లక్షా 90 వేలు. వసతి, భోజనం కొడుకువి. ఈ లెక్క చక్కగా ఉంది. పెన్షన్ వస్తోంది, కరెంటు బిల్లు పోతోంది, నిల్వ కొద్దికొద్దిగా పెరుగుతోంది. ఎవరు చదివినా ఒక కుటుంబం బతుకుతున్న తీరు కనిపిస్తుంది.

కానీ ఎవరో ఏజెంటు పది లక్షలైనా చూపించకపోతే కుదరదంటాడు. ఆయన బంధువుల దగ్గర 5 లక్షలు సర్దుకుని, దరఖాస్తుకు పది రోజుల ముందు ఖాతాలో వేస్తారు. అందులో 2 లక్షలు క్యాష్ డిపాజిట్. సరిగ్గా ఇక్కడే కేసు చెడుతుంది. 38 వేల పెన్షనుకు పొంతన లేని మొత్తం, అదీ గుండు అంకెల్లో, దరఖాస్తు ముందు వచ్చి కదలకుండా కూర్చుంది. వీసా రాగానే వెనక్కి వెళ్లే డబ్బని అధికారి అనుకోవడానికి అది చాలు. చూపించకపోయినా సరిపోయే డబ్బును చూపించబోయి, ఉన్న మూడు లక్షలనూ అనుమానంలో పడేసుకోవడం ఇది.

పెద్ద జమ ఉండడమే తప్పు కాదు, దాని పుట్టుక తెలియకపోవడమే తప్పు. ప్లాటు అమ్మితే రిజిస్టర్డ్ సేల్ డీడ్ జత చేయాలి. అందులోని చెక్కు లేదా ఆర్‌టీజీఎస్ వివరం, తేదీ, మొత్తం స్టేట్‌మెంటులోని జమతో కలవాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ ముగిస్తే బ్యాంకు ఇచ్చే క్లోజర్ కాగితం, చీటీ పాడుకుంటే చిట్‌ఫండ్ కంపెనీ లేఖ, పంట డబ్బైతే పాస్‌బుక్కు, మార్కెట్ యార్డు రసీదు పెట్టాలి. బంగారం మీద అప్పు తీసుకుంటే దాన్ని అప్పుగానే చెప్పాలి. పొదుపు అంటే మాట తేడా వస్తుంది. నగదు జమకు ఆనవాలు చూపడమే అన్నిటికన్నా కష్టం.

కొడుకు ఖర్చు పెట్టుకోవడాన్ని నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ మాట రాసిన లేఖతో పాటు అతని జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, అక్కడ చట్టబద్ధంగా ఉంటున్నట్టు ఆధారం, తండ్రీకొడుకులని తెలిపే కాగితం పెట్టాలి. ఆ డబ్బును తండ్రి ఖాతాలోకి తెచ్చి చూపే అవసరమే లేదు.

దొంగ స్టేట్‌మెంటు సంగతి మరీ తీవ్రం. అనుమానం వస్తే బ్యాంకునే అడిగి సరిచూస్తారు. మోసమని తేలితే దరఖాస్తు తిరస్కరించడంతో ఆగరు, పదేళ్ల నిషేధం పడవచ్చు. మామూలు తిరస్కరణ తర్వాత మళ్లీ దరఖాస్తు చేయవచ్చు కానీ, కట్టిన ఫీజు వెనక్కి రాదు, విజిటర్ వీసాకు సాధారణంగా అప్పీలు ఉండదు. మొదటిసారి ఇచ్చిన వివరాలు రికార్డులోనే ఉంటాయి కాబట్టి, రెండో దరఖాస్తును వాటితో పోల్చి చూసే వీలు అధికారికి ఉంటుంది.