ప్రోగ్రెస్ కార్డు ఫొటోలోంచి పట్టికలోకి

మా మేనకోడలు ఏడో తరగతి, సీబీఎస్ఈ. వాళ్లు ఊరు మారుతున్నారు. కొత్త బడివాళ్లు పాత మార్కులన్నీ పట్టికగా పంపమన్నారట. అక్క ప్రోగ్రెస్ కార్డుకి ఫొటో తీసి వాట్సాప్‌లో పడేసి, "తమ్ముడూ, దీన్ని కాస్త ఎక్సెల్‌లో కొట్టిపెట్టు" అంది. పది నిమిషాల పనే అనుకున్నాను. ఆ పూటంతా పట్టింది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గి వస్తుంది. ప్రింటు అక్షరాలు బాగానే కనిపిస్తాయి గానీ టీచరు నీలి పెన్నుతో రాసిన అంకెలు అలుక్కుపోతాయి. అదే ఫొటోని డాక్యుమెంటుగా పంపమన్నాను. కార్డుని మడత విప్పి బల్ల మీద పరిచి, నేరుగా పైనుంచి తీయమని కూడా చెప్పాను. మడత దగ్గర కాగితం లేచి ఉంటే గీతలు వంగుతాయి. ఎడమవైపు హిందీ గడిలో మొదలైన చూపు కుడివైపుకి వచ్చేసరికి లెక్కల వరుసలోకి జారిపోతుంది.

ఈ కార్డులో ఒక టర్ముకి నాలుగు గడులు ఉన్నాయి. పీరియాడిక్ టెస్టుకి 10, నోటుబుక్కుకి 5, సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంటుకి 5, అర్ధ సంవత్సర పరీక్షకి 80. వెరసి 100. ఆ పక్కన గ్రేడు. 91 నుంచి ఏ1, 81 నుంచి ఏ2, 71 నుంచి బి1, 61 నుంచి బి2, ఇలా పదేసి మార్కుల మెట్లు. అంటే కార్డులోనే మనకి రెండు సాక్ష్యాలు దొరుకుతున్నాయి: కూడిక, గ్రేడు. కానీ ఈ రెండూ ఒకేంత నమ్మదగినవి కావు.

సైన్స్ వరుసే చూడండి. పీరియాడిక్ టెస్టు గడిలో ఉన్నది 1 అనుకున్నాను. తర్వాత 4, 4, 53. కూడితే 62, గ్రేడు బి2. కార్డులోనూ బి2 అనే ఉంది. గ్రేడు ఒక్కటే చూసి ఉంటే సరిపోయిందనుకుని ముందుకు వెళ్లిపోయేవాణ్ని. మొత్తం గడిలో మాత్రం 68 ఉంది. ఆరు మార్కుల తేడా. ఫొటో పెద్దది చేసి చూస్తే ఆ 1కి తలమీద సన్నటి గీత. అది 7. 62 అయినా 68 అయినా బి2యే కాబట్టి గ్రేడు ఈ తప్పుని పట్టలేదు, కూడికే పట్టింది. అందుకే ప్రతి వరుసా కొట్టగానే కూడి చూసుకోవాలి, అన్నీ అయ్యాక చూద్దామనుకోకూడదు.

హిందీలో పీరియాడిక్ టెస్టు గడిలో "ఏబీ" అని ఉంది. ఆ రోజు పిల్ల బడికి వెళ్లలేదు. అక్కడ సున్నా కొట్టకూడదు. సున్నా అంటే పరీక్ష రాసి ఏమీ తెచ్చుకోలేదని. గడిని ఖాళీగా వదిలితే మనం చూడలేదేమో అనుకుంటారు. ఉన్నది ఉన్నట్టు ఏబీ అనే కొట్టాలి.

మార్కులు 7/10 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. అందుకని గరిష్ఠ మార్కుని పైన శీర్షికలో పెట్టి, గడిలో అంకె ఒక్కటే ఉంచాను. టీచరు మాటలో కామా ఉంటే, కామాలతో విడదీసే ఫైలులో ఆ మాట రెండు గడులుగా చీలుతుంది. దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి:

```
Subject,PT10,NB5,SE5,HY80,Total100,Grade,Remark,Note
Science,7,4,4,53,68,B2,"Neat work, can do better",
Hindi,AB,4,4,58,66,B2,,
Social,8,5,5,57,73,B1,,sum=75
```

టీచరు వ్యాఖ్యల్ని దిద్దకూడదు. స్పెల్లింగు తప్పున్నా అలాగే ఉండాలి. చదవలేని మాట దగ్గర ఊహించి రాయకుండా [?] పెట్టాను. కార్డు అడుగున క్లాస్ టీచరు రాసిన వాక్యం పిల్ల మొత్తం చదువు గురించి. దాన్ని చివరి సబ్జెక్టు పక్కన పడేస్తే, ఆ సబ్జెక్టులోనే పిల్ల వెనకబడిందన్న అర్థం వస్తుంది. దానికి విడిగా ఒక వరుస ఇచ్చాను.

సోషల్ వరుసలో 8, 5, 5, 57. ఎన్నిసార్లు కూడినా 75. కార్డులో 73. ఫొటో ఎంత పెద్దది చేసినా అంకెలు స్పష్టంగా అవే. ఇక్కడ చెయ్యి ఊరుకోదు, మొత్తాన్ని 75గా మార్చెయ్యాలనిపిస్తుంది. నేను 73నే ఉంచి, పక్కన నోట్ గడిలో కూడిక 75 వస్తోందని రాసి అక్కకి చెప్పాను. ఆమె పాత బడికి వెళ్లి అడిగితే టీచరు జవాబు పత్రం తీసి చూశారు. పరీక్షలో వచ్చినవి 55. కార్డులోకి ఎక్కించేటప్పుడు 57 పడింది. మొత్తం 73 సరిగ్గానే ఉంది.