సబ్సిడీ అర్జీ: పట్టికలో ఉన్న లెక్కే సారాంశంలో ఉండాలి

మన షోలాపూర్‌లో యూనిఫాం కుట్టే పని చేతికొచ్చిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. సొంతంగా కొత్త కార్ఖానా పెట్టాలంటే పీఎంఈజీపీ కింద అప్పు, సబ్సిడీ దొరుకుతాయి. అర్జీలో చిక్కు తెచ్చేవి రెండు: ఖర్చుల పట్టిక, నాలుగు మాటల సారాంశం. ఈ రెండూ ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక అక్క నాలుగు మెషిన్లతో స్కూలు చొక్కాలు కుట్టాలనుకుంది. ఆమె పట్టిక ఇది:

కుట్టు మెషిన్లు 4 × 28,000 = 1,12,000
ఓవర్‌లాక్ మెషిన్ 1 = 38,000
కటింగ్ టేబుల్, కత్తెర మెషిన్, ఇస్త్రీ = 30,000
కరెంటు వైరింగ్ = 20,000
ఒక నెల గుడ్డ, దారం, గుండీలు = 70,000
ముగ్గురి జీతం, నెలకి 8,000 చొప్పున = 24,000
అద్దె, కరెంటు బిల్లు = 6,000
మొత్తం = 3,00,000

మెషిన్ల ధర కొటేషన్‌లో ఉన్నట్టే, జీఎస్టీతో కలిపి వెయ్యాలి. 'ఇతర ఖర్చులు 50,000' అని ఒక వరుస పెడితే, అవి ఏమిటని బ్యాంకువాళ్లు అడుగుతారు. స్థలం కొన్న ధర ఈ పథకంలో కలపకూడదు. గుడ్డ, జీతాల ఖర్చు ఏడాదికి కాదు, ఒక విడతకే చూపాలి. అంటే సరుకు కొని, కుట్టి, అమ్మి, డబ్బు తిరిగొచ్చే వరకే.

ఇప్పుడు ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో రాయాలి. పట్టణంలో పెట్టే ఆడవాళ్లకి సొంత వాటా 5 శాతం, సబ్సిడీ 25 శాతం. అంటే ఆమె 15,000 పెడుతుంది, బ్యాంకు 2,85,000 అప్పిస్తుంది. సబ్సిడీ 75,000 ఈ అప్పులోనే ఉంది, దాన్ని 3,00,000 పైన కలపొద్దు. అది చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుంటే అప్పులో జమ అవుతుంది.

ఇక సారాంశం. నలభై మాటల్లోపు రాయమన్నారనుకోండి. ఇలా రాయొచ్చు:

"షోలాపూర్‌లో స్కూలు యూనిఫాం చొక్కాలు కుట్టే కొత్త యూనిట్. నాలుగు మెషిన్లు, నాతో కలిపి నలుగురం. నెలకి 800 చొక్కాలు. ఊళ్లోని హోల్‌సేల్ దుకాణాలకి అమ్మకం. మొత్తం ఖర్చు 3,00,000. సొంతం 15,000, అప్పు 2,85,000. నాకు కుట్టుపనిలో ఆరేళ్ల అనుభవం."

కుటుంబ కష్టాలు, 'ఉపాధి కల్పించాలని ఆశయం' లాంటి మాటలు చోటు తింటాయి. ఏం తయారవుతుంది, ఎంత, ఎవరు కొంటారు, డబ్బెంత, పని వచ్చా అన్నవే ఉండాలి.

అర్జీ ఇచ్చేముందు రెండూ పక్కపక్కన పెట్టి లెక్కచూడండి. 70,000ని 800తో భాగిస్తే చొక్కాకి సరుకు 87 రూపాయల 50 పైసలు. మీ దుకాణం ధరతో సరిపోతుందా? నలుగురు 25 రోజుల్లో 800 కుట్టాలంటే మనిషికి రోజుకి ఎనిమిది. కుట్టగలరా? సారాంశంలో 2,000 చొక్కాలని రాసి, పట్టికలో 70,000 గుడ్డే చూపిస్తే అక్కడే పట్టుబడుతుంది. అర్జీ ఇంగ్లీషులోకో మరాఠీలోకో రాయించినప్పుడు, ఈ అంకెలు మారకుండా మీరే సరిచూసుకోండి.