పిలుపు సొమ్ము కట్టకపోతే వాటా ఏమవుతుంది?

పది రూపాయల వాటాకు కంపెనీ సొమ్మంతా ఒకేసారి అడగకపోవచ్చు. ఒకరు 100 వాటాలకు దరఖాస్తుతో 3, కేటాయింపులో 3 రూపాయల చొప్పున కట్టి, 4 రూపాయల తుది పిలుపు చెల్లించలేదనుకుందాం. కంపెనీ నియమావళి అనుమతిస్తేనే జప్తు కుదురుతుంది. ముందుగా నోటీసిచ్చి, సాధారణంగా కనీసం 14 రోజుల గడువివ్వాలి. అప్పటికీ కట్టకపోతే బోర్డు తీర్మానంతో వాటాలు పోతాయి, కట్టిన 600 తిరిగి రాదు.

జప్తు పద్దు:
వాటా మూలధనం ఖాతా డెబిట్ 1,000
వాటాల జప్తు ఖాతా క్రెడిట్ 600
తుది పిలుపు ఖాతా క్రెడిట్ 400

వీటిలో 60 వాటాలను పూర్తిగా చెల్లించినవిగా 8 రూపాయలకు మరొకరికి ఇచ్చారు. తగ్గింపు వాటాకు 2 రూపాయలు. జప్తయిన 6 రూపాయలను మించి తగ్గించకూడదు కాబట్టి 4 రూపాయలకన్నా తక్కువకు ఇవ్వలేరు.

పునర్జారీ పద్దు:
బ్యాంకు ఖాతా డెబిట్ 480
వాటాల జప్తు ఖాతా డెబిట్ 120
వాటా మూలధనం ఖాతా క్రెడిట్ 600

చాలామంది తప్పేది ఇక్కడే. 600లో 120 తీసేసి, మిగిలిన 480ని లాభంగా చూపుతారు. కానీ అమ్మింది 60 వాటాలే. వాటిపై జప్తయింది 360, తగ్గింపు పోగా లాభం 240.

బదిలీ పద్దు:
వాటాల జప్తు ఖాతా డెబిట్ 240
మూలధన రిజర్వు ఖాతా క్రెడిట్ 240

ఇంకా అమ్మని 40 వాటాల తాలూకు 240 జప్తు ఖాతాలోనే నిలవాలి. అది సరిపోయిందంటే లెక్క సరైనట్టే.