పదో రోజున కట్టాలా, ముప్పయ్యో రోజునా?

విజయవాడలో ఒక హార్డ్‌వేర్ షాపు ఉందనుకుందాం. లక్ష రూపాయల సరుకు బిల్లు మీద ‘పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేకపోతే 30 రోజుల్లో పూర్తి మొత్తం’ అని ఉంది. రెండు శాతమే కదా అని చాలామంది వదిలేస్తారు. కానీ ఆ రెండు వేలు కేవలం 20 రోజులు ముందు కట్టినందుకు వస్తున్నాయి. ఏడాది లెక్కన అది దాదాపు 37 శాతం. బ్యాంకు ఓడీ మీద 12 శాతం వడ్డీకి 98 వేలు తీసి కట్టినా, 20 రోజులకు వడ్డీ సుమారు 645 రూపాయలే. ఇంకా 1,355 మిగులుతుంది.

మరో సరఫరాదారు పది రోజుల్లో కడితే 1 శాతం తగ్గిస్తానంటాడు, అసలు గడువు 60 రోజులు. ఇది ఏడాదికి 7 శాతం చిల్లర. దీనికోసం ఓడీ తీయడం నష్టమే.

అందుకే బిల్లులను రెండు తేదీలతో రాసుకోవాలి: తగ్గింపు ముగిసే రోజు, అసలు గడువు. తగ్గింపు తీసుకునే బిల్లును రెండో రోజే కట్టనక్కర్లేదు, తొమ్మిదో రోజు చాలు. రోజుల లెక్క బిల్లు తేదీ నుంచా, సరుకు చేరిన తేదీ నుంచా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. గొడవలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

అయితే జీతాలు, అద్దె, జీఎస్టీకి కావలసిన సొమ్మును ముందు పక్కన పెట్టాలి. తగ్గింపు కోసం ఓడీ పరిమితి మొత్తం వాడేస్తే, రావలసిన బాకీ ఒక్కటి వారం ఆలస్యమైనా జీతాలు ఆగిపోతాయి.