షోరూం గేటు దాటిన కారు ధర

కొన్న ధరలోంచి అమ్మిన ధర తీసేస్తే మిగిలేదే తరుగుదల. పెట్రోలు ఖర్చులా ఇది రోజూ జేబులోంచి పోదు కాబట్టి, అమ్మే రోజు దాకా చాలామందికి లెక్కలోకే రాదు.

షోరూం ధర 10 లక్షలున్న కారు లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి రోడ్డెక్కేసరికి 12 లక్షలైందనుకుందాం. ఆ అదనపు 2 లక్షల్లో ఎక్కువ భాగం సెకండ్ హ్యాండ్ ధరలో తిరిగి రాదు. పైగా ఏడాదిలోపే అమ్మకానికి వచ్చిన కారును చూడగానే కొనేవాడికి "ఎందుకు అమ్ముతున్నాడో" అన్న అనుమానం పుడుతుంది. తొలి ఏడాది ధర అంత గబుక్కున దిగడానికి ఈ రెండూ కారణాలే.

బీమా కంపెనీలు ఈ దిగుడుకు ఒక పట్టిక పెట్టుకున్నాయి. కారు చోరీ అయినా, పూర్తిగా ధ్వంసమైనా గరిష్ఠంగా ఎంత ఇవ్వాలో చెప్పే ఐడీవీ దాని ప్రకారమే లెక్కగడతారు. షోరూం ధరలోంచి మొదటి ఆరు నెలల్లో 5 శాతం, ఏడాది దాకా 15, రెండేళ్ల దాకా 20, మూడేళ్ల దాకా 30, నాలుగేళ్ల దాకా 40, ఐదేళ్ల దాకా 50 శాతం తగ్గిస్తారు. ఆపైన యజమానీ కంపెనీ మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఈ పట్టికకు అన్ని కార్లూ ఒకటే. సంతకు మాత్రం కావు.

పాత కారు ధరకు అసలు హద్దు ఈరోజు కొత్త కారు ధర. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్లపై పన్ను 29 శాతం నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. పన్నుకు ముందు 6 లక్షలుండే కారు 7.74 లక్షల నుంచి 7.08 లక్షలకు దిగుతుంది. రెండేళ్ల కిందటి అదే కారును అమ్మబోయేవాడు, తన కారుకు గీత కూడా పడకపోయినా, అడిగే ధర తగ్గించుకోక తప్పదు. కంపెనీలు పెద్ద డిస్కౌంట్లు ఇచ్చినా, కొత్త మోడల్ దించినా జరిగేది ఇదే.

ధర నిలబెట్టుకునేవి ఎక్కువమంది అడిగే బండ్లు. మారుతి స్విఫ్ట్, వ్యాగన్ఆర్, డిజైర్ వంటివాటిని మండల కేంద్రంలోని మెకానిక్ కూడా విప్పి బిగించగలడు, స్పేర్ పార్టు అదే రోజు దొరుకుతుంది. టయోటా ఇన్నోవాకు పెద్ద కుటుంబాలతో పాటు ట్రావెల్స్ వాళ్లూ కొనుగోలుదారులే. లక్ష కిలోమీటర్లు తిరిగిందంటే వేరే కారును దూరం పెట్టేవాళ్లు కూడా ఇన్నోవాను అంత పట్టించుకోరు. ఖరీదైన జర్మన్ సెడాన్లది తలకిందుల కథ. వాటిని కొత్తగా కొనగల స్తోమత ఉన్నవాడు పాతది కొనడు. పాత ధర అందుబాటులో ఉన్నవాడు వారంటీ అయిపోయాక వచ్చే రిపేరు బిల్లుకు భయపడతాడు. అమ్మకాలు ఆపేసిన కంపెనీల కార్లు కూడా ఇలాగే దెబ్బతింటాయి. షెవ్రోలే 2017లో మన దేశంలో అమ్మకాలు మానేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడి తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. బండి బాగానే నడుస్తున్నా, రేపు పార్టు దొరుకుతుందా అన్న బెంగ ధరలో కనిపిస్తుంది. విద్యుత్ కార్ల విషయంలో ఆ బెంగంతా బ్యాటరీ మీదే. వారంటీలో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయన్నదే అక్కడ మొదటి ప్రశ్న.

ఈ తేడా ఎంత బరువో ఒక ఊహా లెక్కలో చూడవచ్చు. రెండు కార్లనూ 12 లక్షలు పెట్టి కొని, ఏడాదికి 12 వేల కిలోమీటర్లు నడిపి, ఐదేళ్లకు ఒకటి 6.5 లక్షలకు, రెండోది 4.5 లక్షలకు అమ్మారనుకుందాం. 60 వేల కిలోమీటర్లకు 2 లక్షల తేడా అంటే కిలోమీటరుకు 3 రూపాయల 33 పైసలు. లీటరు పెట్రోలు 105 రూపాయలనుకుంటే, 18 కిలోమీటర్ల మైలేజీకీ 15 కిలోమీటర్ల మైలేజీకీ మధ్య తేడా కిలోమీటరుకు 1 రూపాయి 17 పైసలే. షోరూంలో మైలేజీ గురించి గంటసేపు వాదించేవారు రీసేల్ గురించి ఒక్క మాటైనా అడగరు!

మోడల్ మంచిదే అయినా బండి చరిత్ర ధరను దించగలదు. ఆర్సీలో ఎన్నో ఓనరో, ఎప్పుడైనా ట్యాక్సీగా తిరిగిందో, ఇన్సూరెన్స్ క్లెయిములు ఏమున్నాయో వ్యాపారి ముందే చూస్తాడు. మీటరు 30 వేలు చూపిస్తున్నా బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు తిప్పారని అనుమానించాలి. సర్వీసు రికార్డులోని కిలోమీటర్లతో పోలిస్తే చాలావరకు బయటపడుతుంది. వేరే రాష్ట్రం బండి చవగ్గా వస్తే దానికీ కారణం ఉంటుంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించాక ఢిల్లీలో పాత డీజిల్ కార్ల ధరలు పడిపోయాయి. అలాంటిది తెలంగాణకో ఆంధ్రకో తెచ్చుకుంటే అక్కడి ఎన్‌ఓసీ తీసుకోవాలి, బండి వయసును బట్టి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం కలిపి చూశాకే అది చవకో కాదో తేలుతుంది.