కుక్క తరఫున ఒక ఆటవెలది

ఫ్రెండ్ పుట్టినరోజుకి వాళ్ల కుక్క తరఫున పద్యం రాయడం సరదా పనే, కానీ అందులో రెండు లెక్కలు ఒకేసారి కుదరాలి. ఒకటి ఛందస్సు. రెండోది, ఆ కుక్కకి ఏం తెలుసు, ఏం తెలీదు అనేది. మొదటి లెక్క తప్పితే పద్యం కుంటుతుంది. రెండోది తప్పితే అది కుక్క పద్యం కాదు, కుక్క ఫోటో కింద మనం రాసుకున్న మన పద్యం అవుతుంది. మా రూమ్మేట్ కోసం ఈ సెమిస్టర్‌లో నేను రాసిన నాలుగు లైన్లు తీసుకుని ఈ రెండూ ఎలా కుదురుతాయో చెప్తాను.

ముందు సంగతి. మా రూమ్మేట్‌ది రాజమండ్రి. ఇంట్లో బ్రూనో అని పదకొండేళ్ల కుక్క ఉంది. తను మూడో క్లాసులో ఉన్నప్పుడు అరచేతిలో పట్టేంత పిల్లగా వచ్చాడంట. (ఇంట్లో అందరూ ‘వాడు’ అనే అంటారు, ‘అది’ అంటే తనకి కోపం.) ఇప్పుడు సోఫా మీదకి ఎగరలేడు. ఈసారి పుట్టినరోజు మిడ్ ఎగ్జామ్స్ మధ్యలో పడింది. వాడు లేకుండా తనకి ఇదే మొదటి పుట్టినరోజు. కాబట్టి పద్యం నవ్వించాలి, కానీ అబద్ధం చెప్పకూడదు. పదకొండేళ్లు పక్కనే పెరిగిన మనిషికి ఒక్క తప్పుడు మాట చాలు, “మా బ్రూనో అలా చెయ్యడే” అని పక్కన పెట్టేస్తుంది.

అందుకే రాయడం మొదలుపెట్టే ముందు వాళ్లమ్మగారికి ఫోన్ చేశాను. “ఆంటీ, బ్రూనో ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నాడు? ఏం వింటే లేస్తాడు? ఏం ఎత్తుకెళ్తాడు?” అని మూడే ప్రశ్నలు. ఆంటీ చెప్పింది ఇది: “గడప పక్కనే పడుకుంటున్నాడమ్మా, వాడి గోనె మీద. ఫోన్ మోగితే చాలు, చెవులు నిక్కబొడుచుకుని నా దగ్గరకి వచ్చేస్తాడు. దానిది పాత నీలం చెప్పు ఒకటి ఇక్కడే ఉండిపోయింది, అది వాడి దగ్గరే. తియ్యబోతే గుర్రుమంటాడు.” ఆ రోజు పాయసం చేస్తానని కూడా అంది, కూతురు ఇంట్లో లేకపోయినా.

పద్యానికి కావలసిన సరుకంతా అందులోనే ఉంది. హాస్టల్లో ఇంకా చాలా సలహాలు వచ్చాయి. “నీకు పంతొమ్మిదేళ్లు నిండాయి” అని పెట్టమన్నారు ఒకళ్లు. “హాస్టల్లో హాయిగా ఉండు” అని పెట్టమన్నారు ఇంకొకళ్లు. “నువ్వు లేక నా బతుకు శూన్యం” అన్నది మూడో సలహా. ఏ మాటకైనా నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఇది కుక్కకి ఎలా తెలిసింది? ముక్కుతోనా, చెవితోనా, కంటితోనా, నోటితోనా? పంతొమ్మిది అనే అంకె వీటిలో దేనికీ అందదు. హాస్టల్ అంటే ఏంటో వాడికి తెలీదు, తను తలుపు దాటి వెళ్లడం మాత్రమే తెలుసు. ‘శూన్యం’ అయితే సినిమా డైలాగ్. మూడూ పోయాయి.

ఇక ఛందస్సు. ఆటవెలది తీసుకున్నాను. మనం స్కూల్లో తెలుగు పీరియడ్‌లో వల్లె వేసిన వేమన పద్యాలు ఎక్కువగా ఈ ఛందస్సులోనే ఉంటాయి కాబట్టి చెవికి అలవాటే. ప్రాస నియమం లేదు, నాలుగే లైన్లు. రాసేవాళ్లకి తక్కువ బాధ.

లెక్క ఇలా ఉంటుంది. ప్రతి అక్షరం లఘువో గురువో అవుతుంది, మన బిట్స్ లాగా రెండే విలువలు. దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, పొల్లు హల్లు తగిలినా, తర్వాతి అక్షరం ద్విత్వమో సంయుక్తమో అయినా అది గురువు. మిగతావి లఘువులు. గురువుని ‘గ’ అని, లఘువుని ‘ల’ అని రాసుకుందాం. ‘ఫోను’ గల. ‘చెప్పు’ కూడా గల, ఎందుకంటే ‘ప్పు’ ముందున్న ‘చె’ గురువైపోయింది. ‘గడప’ లలల.

సూర్య గణాలు రెండే: గల, లలల. ఇంద్ర గణాలు ఆరు: లలలల, లలలగ, లలగల, గలల, గలగ, గగల. ఆటవెలదిలో ఒకటో, మూడో లైన్లకి మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. రెండో, నాలుగో లైన్లకి అయిదూ సూర్య గణాలే. దీని పైన యతి ఒకటి: లైన్ మొదటి అక్షరానికి, అదే లైన్లో నాలుగో గణం మొదటి అక్షరానికి చుట్టరికం ఉండాలి. హల్లులూ కలవాలి, అచ్చులూ కలవాలి. ఉదాహరణకి ప, ఫ, బ, భ, వ ఒక కుటుంబం. ఉ, ఊ, ఒ, ఓ ఇంకో కుటుంబం.

ఇప్పుడు పద్యం:

ఫోను మోగె, నీకు పుట్టిన రోజంట
పాయసమ్ము నీది, వాసనొకటె
నాది, గడప పక్క నా గోనె మీద నీ
నీలి చెప్పుతోనె నిదుర నాకు

మొదటి లైన్ విడదీస్తే: ఫోను (గల), మోగె (గల), నీకు (గల), పుట్టిన (గలల), రోజంట (గగల). యతి ‘ఫో’కి ‘పు’కి. హల్లులు ఒకే కుటుంబం, అచ్చులూ ఒకే కుటుంబం.

ఈ లైన్‌లో అసలు పని చేసేది చివరి ‘అంట’. “వానొస్తుంది” అంటే నేను మబ్బు చూశాను. “వానొస్తుందంట” అంటే ఎవరో చెప్పారు. పుట్టినరోజు అనే విషయం బ్రూనోకి తెలిసే దారి లేదు. ఫోన్ మోగింది, ఇంట్లో వాళ్లు ఏదో అన్నారు, వాడు అది మోసుకొచ్చాడు. “పుట్టినరోజు శుభాకాంక్షలు” అని ఉంటే వాడికి క్యాలెండర్ చదవడం వచ్చినట్టు అయ్యేది. ‘అంట’ పెట్టగానే వాడు కుక్కగానే ఉండిపోయాడు, నవ్వూ అక్కడే వస్తుంది.

ఈ లైన్‌లోకి ‘అక్క’ని తేవాలని అందరికీ అనిపిస్తుంది. ఇంట్లో వాడితో “అక్క వచ్చింది రా” అనే అంటారు మరి. అక్క సరిగ్గా గల, సూర్య గణం. కానీ తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, పద్యంలో రెండు అచ్చులు పక్కపక్కన వస్తే సంధి చెయ్యాలి. మోగెను, అక్క కలిస్తే ‘మోగెనక్క’. గణాలుగా చదవండి: ఫోను, మోగె, నక్క, పుట్టిన, రోజంట. గణాలూ సరే, యతీ సరే, కానీ నక్క పుట్టినరోజు అయిపోయింది! ఛందస్సు చూసే ప్రోగ్రామ్ రాస్తే అది ఈ లైన్‌ని పాస్ చేసేస్తుంది. పైకి చదివిన చెవి మాత్రం వెంటనే పట్టుకుంటుంది. అందుకే గణాలు కుదిరాక ఆగి ఆగి ఒకసారి, గుక్క తిప్పుకోకుండా ఒకసారి పైకి చదవాలి.

బ్రూనో పేరుకి ఇంకో ఇబ్బంది. ‘బ్రూనో’ గగ. సూర్య గణాలు వరసగా పేరిస్తే రెండు గురువులు పక్కపక్కన రావు. అంటే ఒకటో, మూడో లైన్ల చివర ఉండే ఇంద్ర గణాల్లో తప్ప వాడి పేరుకి చోటు లేదు. టామి, రాకి అని పిలిచే కుక్కలైతే ఎక్కడైనా దూరిపోతాయి. అందుకే ‘అక్కకి’ అని కార్డు పైన, ‘బ్రూనో’ అని కింద పెట్టి, పద్యం లోపల ‘నీకు’, ‘నాకు’లతో సరిపెట్టాను.

రెండో లైన్: పాయ, సమ్ము, నీది, వాస (నాలుగూ గల), నొకటె (లలల). ‘పా’కి ‘వా’తో యతి. పాయసం నీది, వాసన ఒక్కటే నాది అని వాడి ఫిర్యాదు. ఈ జోక్ వెనక నిజమైన కారణం ఉంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలని పాడు చెయ్యగలవు, ఆంటీ పాయసంలో ఎండుద్రాక్ష లేకుండా ఉండదు. అందుకే ఆ ఇంట్లో బ్రూనోకి పాయసం ఎప్పుడూ దొరకదు. ఈ ఒక్క మాటతో పద్యం ఏదో ఒక కుక్కది కాకుండా ఆ ఇంటి కుక్కది అయింది. “ఇద్దరం కలిసి పాయసం తిందాం” అని రాసి ఉంటే ముద్దుగా ఉండేదేమో, కానీ చదివిన మనిషికి గుండె గుభేల్‌మనేది.

మూడో లైన్: నాది (గల), గడప (లలల), పక్క (గల), నాగోనె (గగల), మీదనీ (గలగ). రెండుచోట్లా ‘నా’యే, యతికి ఢోకా లేదు. రెండో లైన్ మాట మూడో లైన్‌లోకి, మూడో లైన్ మాట నాలుగో లైన్‌లోకి కారడం తెలుగు పద్యానికి మామూలే. వాక్యం లైన్ చివర ఆగాలని మనకి ఇంగ్లీష్ రైమ్స్ వల్ల అలవాటు.

నాలుగో లైన్: నీలి, చెప్పు, తోనె (గల), నిదుర (లలల), నాకు (గల). ‘నీ’కి ‘ని’తో యతి. ఇక్కడ నాకు అదృష్టం కలిసొచ్చింది. కుక్కల కంట్లో రంగులు పట్టే కణాలు రెండు రకాలే, మనకి మూడు. నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలీదు. ఆ చెప్పు ఎర్రదైతే ఎలా తెలిసిందన్న పరీక్షలో ‘ఎర్ర’ అనే మాట పోయేది. వాడు ఆ చెప్పుని ఎలాగూ వాసనతోనే గుర్తుపడతాడు, అది వేరే సంగతి.

ఇలాంటి పద్యానికి ఒక హద్దు ఉంది. బ్రూనో చెప్పు పక్కన ఎందుకు పడుకుంటున్నాడో నాకు తెలీదు. బెంగ కావచ్చు, వాసన అలవాటు కావచ్చు, గడప దగ్గర చల్లగా ఉండటం కూడా కావచ్చు. అందుకే ‘బెంగ’, ‘ప్రేమ’ అనే మాటలు పద్యంలో లేవు. గోనె ఉంది, చెప్పు ఉంది, నిద్ర ఉంది. వాటి మధ్య ఏముందో చెప్పే హక్కు వాడిని పెంచిన మనిషిది, పద్యం రాసిన ఫ్రెండ్‌ది కాదు.

కార్డు చదివి తను పాయసం దగ్గర గట్టిగా నవ్వింది. నాలుగో లైన్ రెండుసార్లు చదివింది. తర్వాత “ఆ చెప్పు పారేశారేమో అనుకున్నానే” అని, వాళ్లమ్మకి వీడియో కాల్ చేసి, ఫోన్ గడప దగ్గర కింద పెట్టమంది.