డాలస్‌లో ఉగాది ఎప్పుడు, ఎన్ని గంటలకు?

“మార్చి 30 ఆదివారం ఉగాది. ఉదయం 9 గంటల నుంచి పచ్చడి, పంచాంగ శ్రవణం, పిల్లల కార్యక్రమాలు, విందు భోజనం. అందరూ సకుటుంబంగా విచ్చేయగలరు.” 2025లో విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక కాలనీ సంఘం ఇలా రాస్తే ఇంకేమీ అక్కర్లేదు. హాలు వీధి చివరే ఉంటుంది, ఆలస్యమైనవాళ్ళకి పచ్చడి ఎవరో ఒకరు తీసి ఉంచుతారు. ఇదే ప్రకటనను అమెరికాలో డాలస్ పరిసరాల తెలుగువాళ్ళకి యథాతథంగా పంపితే మాత్రం మొదటి వాక్యమే తప్పు.

కారణం తిథి. సూర్యోదయానికి చైత్ర శుద్ధ పాడ్యమి ఉన్న రోజు ఉగాది. ఆ ఏడు పాడ్యమి మన గడియారం ప్రకారం మార్చి 29 సాయంత్రం దాదాపు నాలుగున్నరకి వచ్చి, 30 మధ్యాహ్నం ఒంటిగంట లోపే వెళ్ళిపోయింది. కాబట్టి ఇక్కడ పండగ 30న. అవే ఘడియలు డాలస్‌లో 29 శనివారం తెల్లవారుజామున ఆరింటికి మొదలై, ఆ రాత్రి రెండు దాటాక ముగిశాయి. అక్కడ సూర్యోదయం ఏడుంపావు ప్రాంతంలో. అంటే పండగ శనివారమే. లండన్‌వాళ్ళకి మాత్రం మనతోపాటు ఆదివారమే వచ్చింది.

ఇక హాలు సంగతి. వారాంతాల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే బడి క్యాంటీన్ ఏప్రిల్ 5 శనివారమే ఖాళీగా ఉందనుకుందాం. మూడు తేదీలయ్యాయి. ఇండియా తేదీని ప్రకటనలోంచి తీసేయడం మేలు, మిగతా రెండింటినీ విడివిడిగా రాయాలి: “ఇంట్లో పండగ మార్చి 29 శనివారం. అందరం కలిసేది ఏప్రిల్ 5 శనివారం.” నెల పేరు అక్షరాల్లో రాయడం తప్పనిసరి. మనం 5/4 అని రాస్తే అమెరికా అలవాటులో పెరిగిన పిల్లలు దాన్ని మే 4 అని చదువుతారు.

తేదీ కుదిరాక అసలు చిక్కు “ఉదయం 9 గంటల నుంచి” అన్న మాటలో ఉంది. రాత్రి డ్యూటీ చేసిన నర్సు పొద్దున ఏడు దాటాక ఇల్లు చేరి మధ్యాహ్నం దాకా నిద్రపోవాలి. ఇంకో ఇంట్లో శనివారం పొద్దున పిల్లాడి సాకర్ ఆట. సొంత దుకాణం ఉన్న దంపతులు ఒకరి తర్వాత ఒకరే రాగలరు. వీళ్ళెవరికీ రోజంతా కుదరదు, తమకు కావలసింది ఎప్పుడో తెలిస్తే ఆ గంటకి వస్తారు. అందుకే ఒక్కో భాగానికీ దాని వేళ రాయాలి: “హాలు తెరిచేది 11కి. భోజనం 12:30 నుంచి 2 వరకు. పంచాంగ శ్రవణం 2కి. పిల్లల ఆటపాటలు 3కి. ఎండు వేపపువ్వు వేసిన పచ్చడి 4 దాకా ఉంటుంది.” ఇలా ఉంటే ఆ నర్సు రెండున్నరకి వచ్చినా పచ్చడి తిని, కూతురి డాన్సు చూస్తుంది.

దీనికి ఒక నష్టమూ ఉంది. డాలస్‌లో మధ్యాహ్నం మూడంటే ఆ నెలలో ఇక్కడ అర్ధరాత్రి ఒకటిన్నర. మనవరాలి డాన్సు వీడియోలో చూడాలని ఏలూరులో అమ్మమ్మ అంతసేపు మేలుకోలేదు. అదే పొద్దున పదకొండుకి పెడితే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, ఆవిడకి సుఖం. కానీ అప్పుడు తల్లి నిద్రలో ఉంటుంది. నా మటుకు నేను తల్లికే ఓటేస్తాను. అమ్మమ్మకి రికార్డింగ్ పంపవచ్చు, ఆ మాట కూడా ప్రకటనలోనే ఉండాలి.

వేరే రాష్ట్రాల నుంచి వీడియోలో చూసేవాళ్ళ కోసం “డాలస్ సమయం” అని రాస్తే చాలు. అలవాటుగా “సిఎస్‌టి” అని రాస్తే, మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరిగిపోయి ఉంటాయి కాబట్టి, ఆ అక్షరాలను నమ్మి లెక్క కట్టుకున్నవాళ్ళు గంట ఆలస్యంగా వస్తారు.

చివర్లో “తప్పక రండి” అనే బదులు రెండు ప్రశ్నలు అడగాలి: ఎంతమంది వస్తారు, ఏ గంటకి వస్తారు. వంటవాళ్ళకి అన్నం, పులిహోర ఎన్ని ట్రేలు చెప్పాలో, రెండు దాటాక వచ్చేవాళ్ళకి ఎంత పక్కన పెట్టాలో ఆ జవాబులే చెబుతాయి. ప్రకటన పంపాక కూడా “భోజనం ఎన్నింటికండీ?” అని ఫోన్లు వస్తూనే ఉంటే, ఆ వేళ ఎక్కడో కింద ఇరుక్కుపోయిందని అర్థం. దాన్ని పైకి తెచ్చి మళ్ళీ పంపాలి. ఇండియా నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళలో చాలామందికి అక్కడ కారు నడపడం కుదరదు. వాళ్ళ కోసం ఇంకో వాక్యం కావాలి: “కారు కావలసినవాళ్ళు గురువారం లోపు చెప్పండి, తిరిగి దింపేది నాలుగున్నరకి.”